పాత చరియలే పటానికి పరీక్ష

కొండ ప్రాంతాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఏ గడిలో నేల జారే అవకాశం ఎక్కువో, ఏ గడిలో తక్కువో రంగుల్లో చూపేది కొండచరియల ముప్పు పటం. ఎప్పుడు విరుగుతుందో అది చెప్పదు. ఎక్కడ విరగవచ్చో మాత్రమే చెబుతుంది. ఎరుపు వేసినచోట నేల నిజంగానే బలహీనంగా ఉందా, పచ్చ వేసినచోట గట్టిగానే ఉందా అన్నది రంగు చూసి తేల్చలేం. దానికి ఉన్న గట్టి సాక్ష్యం ఒక్కటే: ఇంతకుముందు విరిగిన చరియలు. వాటిని పటం మీద పెట్టి, ఎరుపులో ఎన్ని పడ్డాయో, పచ్చలో ఎన్ని పడ్డాయో లెక్కగట్టే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నది సక్సెస్ రేట్ రేఖ. గ్రాఫ్ కాగితం మీద గీసే ఒక్క వంపు గీత అది. గీయడం తేలిక. దాన్ని సరిగా చదవడంలోనే పని ఉంది.

ఈ పద్ధతిని అర్థం చేసుకోవడానికి కేరళలోని వయనాడ్ కొండలు మంచి చోటు. 2018 ఆగస్టులో కేరళను ముంచెత్తిన వానలకు పశ్చిమ కనుమల పొడవునా వేల చోట్ల నేల జారింది. ఉపగ్రహ చిత్రాలనూ క్షేత్ర పరిశీలననూ కలిపి ఒక అంతర్జాతీయ పరిశోధక బృందం 2020లో ప్రచురించిన జాబితాలో ఆ ఒక్క వర్షాకాలానివే 4,728 చరియలు ఉన్నాయి. మరుసటి ఏడాది, 2019 ఆగస్టు 8న, వయనాడ్ జిల్లా పుత్తుమలలో కొండ జారింది. 2024 జూలై 30 తెల్లవారకముందే అక్కడికి దగ్గర్లోనే ఉన్న ముండక్కై, చూరల్‌మల ఊళ్లు బురద, బండరాళ్ల కింద పడి రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఒకే కొండల వరుసలో వేర్వేరు ఏళ్ల చరియలు నమోదై ఉండటం పటాన్ని పరీక్షించేవారికి అరుదుగా దొరికే ఆధారం. అంత ప్రాణనష్టంతో వచ్చిన ఆధారం కాబట్టే దాన్ని శ్రద్ధగా వాడాలి.

పరీక్షకు మొదటి సరుకు చరియల జాబితా. వానకు ముందు తీసిన ఉపగ్రహ చిత్రాన్నీ, వాన వెలిసి మబ్బు విడిచాక తీసిన చిత్రాన్నీ పక్కపక్కన పెడతారు. ముందు పచ్చగా ఉండి తరువాత మట్టిరంగు గీతగా మారినచోట చరియ జారిందని అనుమానిస్తారు. అనుమానమే, నిర్ధారణ కాదు. కొత్తగా తవ్విన క్వారీ, మొక్కలు పీకి చదును చేసిన తేయాకు తోట, వరద కోసేసిన వాగు ఒడ్డు కూడా పైనుంచి చూస్తే అలాగే కనబడతాయి. వాలు ఎంత ఉంది, గీత పైనుంచి కిందికి సాగిందా, అడుగున మట్టి కుప్ప ఉందా అని చూసి ఒక్కోదాన్నీ వేరుచేస్తారు. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ 2023లో విడుదల చేసిన దేశ కొండచరియల అట్లాస్ ఇలాంటి పని ఫలితమే. 1998 నుంచి 2022 వరకు 17 రాష్ట్రాలు, 2 కేంద్రపాలిత ప్రాంతాల్లో దాదాపు 80,000 చరియలను అందులో నమోదు చేశారు.

రెండో సరుకు ముప్పు పటం. దాన్ని తయారుచేసే దారులు చాలా ఉన్నా, అన్నిటికన్నా సూటిగా ఉండేది నిష్పత్తుల దారి. కొండ వాలును 10 డిగ్రీలకు ఒక తరగతి చొప్పున విడగొట్టారనుకుందాం. 30 నుంచి 40 డిగ్రీల వాలున్న నేల మొత్తం ప్రాంతంలో 15 శాతమే ఉండి, చరియల్లో 36 శాతం ఆ నేలలోనే విరిగితే, 36ను 15తో భాగించగా 2.4 వస్తుంది. అంటే ఆ వాలులో చరియలు సగటుకు దాదాపు రెండున్నర రెట్లు దట్టంగా ఉన్నాయన్నమాట. ఇదే లెక్కను రాతి రకానికీ, మట్టి మందానికీ, వాగుకు ఎంత దూరమన్నదానికీ, రోడ్డు కోతకు ఎంత దూరమన్నదానికీ, అడవా తోటా ఖాళీ నేలా అన్నదానికీ చేస్తారు. ప్రతి గడికీ వచ్చిన అంకెలన్నీ కలిపితే ఆ గడి స్కోరు. రంగులు వేయకముందు పటమంటే నిజానికి ఈ స్కోర్ల పట్టికే. దేశమంతటి కొండ ప్రాంతాలకు 1:50,000 స్కేలులో ముప్పు పటాలు తయారుచేసే పనిని భారత భూగర్భ సర్వే సంస్థ 2014లో మొదలుపెట్టింది.

ఇక పరీక్ష. లెక్క తెలియడానికి ఒక ఊహా ప్రాంతాన్ని తీసుకుందాం. ఒక్కో గడి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. మొత్తం 10 లక్షల గడులు, అంటే 900 చదరపు కిలోమీటర్ల కొండ ప్రాంతం. అందులో పాత చరియలు పడిన గడులు 2,000. కింద వచ్చే అంకెలన్నీ ఈ ఊహా ప్రాంతానివే. పద్ధతి మాత్రం అసలు పనిలో చేసేదే.

మొదట గడులన్నిటినీ స్కోరు ప్రకారం వరుసలో నిలబెట్టాలి. ఎక్కువ ముప్పు ఉన్నది ముందు, తక్కువది చివర. పటం మీద ఎక్కడ ఉన్నాయన్నది ఇప్పుడు పట్టింపు లేదు. వరుస మాత్రమే ముఖ్యం. తరువాత ఈ వరుసను లక్ష గడుల చొప్పున పది భాగాలు చేసి, ఒక్కో భాగంలో చరియ పడిన గడులు ఎన్ని ఉన్నాయో లెక్కించాలి. మొదటి లక్షలో 900 ఉన్నాయనుకుందాం. రెండో లక్షలో 440, మూడో దాంట్లో 240, తరువాత 160, 100, 70, 40, 26, 16, చివరి లక్షలో 8. అన్నీ కలిపితే 2,000.

వీటిని కూడుకుంటూ పోవాలి. అత్యంత ముప్పున్న 10 శాతం నేలలో 900 చరియ గడులున్నాయి, అంటే 45 శాతం. మొదటి 20 శాతం నేలలో 1,340, అంటే 67 శాతం. 30 శాతం నేలలో 79 శాతం, 40లో 87, 50లో 92. అక్కడినుంచి నెమ్మదిగా పెరిగి 100 శాతం నేలకు 100 శాతం చరియలు వస్తాయి. అడ్డగీత మీద నేల శాతం, నిలువు గీత మీద చరియల శాతం పెట్టి ఈ బిందువులను కలిపితే వచ్చేదే సక్సెస్ రేట్ రేఖ. మొదట నిటారుగా ఎక్కి, తరువాత వంగి, చివర దాదాపు చదునుగా సాగుతుంది.

రేఖ అర్థం కావాలంటే దాని పక్కన ఇంకో గీతను ఊహించుకోవాలి. గడులను స్కోరు ప్రకారం కాకుండా చీట్లు తీసినట్టు ఎలాపడితే అలా వరుసలో పెడితే ఏమవుతుంది? 10 శాతం నేలలో సుమారు 10 శాతం చరియలు, 50 శాతం నేలలో సుమారు 50 శాతం చరియలు దొరుకుతాయి. గ్రాఫ్‌లో అది మూల నుంచి మూలకు పోయే సూటి గీత. పటం నేల గురించి ఏమీ తెలుసుకోలేదన్నదానికి అదే గుర్తు. రేఖ ఈ సూటి గీత కంటే ఎంత పైకి ఉబ్బితే పటం వరుస అంత మంచిది. కిందికి కుంగితే పటం తిరగబడిందని, ఏదో ఒక స్కోరు తలకిందులుగా పడిందని అర్థం. అలాంటి పొరపాటు పనిలో నిజంగానే జరుగుతుంది. వాగుకు దూరం పెరిగినకొద్దీ స్కోరు తగ్గాల్సినచోట పెరిగేలా రాస్తే రేఖ దాన్ని వెంటనే పట్టిస్తుంది.

ఆ ఉబ్బును ఒక్క అంకెలో చెప్పడానికి రేఖ కింద ఉన్న వైశాల్యాన్ని కొలుస్తారు. గ్రాఫ్‌ను పది నిలువు పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీకి ఎడమ అంచు ఎత్తూ కుడి అంచు ఎత్తూ సగటు తీసి, వెడల్పుతో గుణించి, అన్నీ కూడాలి. మొదటి పట్టీకి ఎత్తులు 0, 45, సగటు 22.5. రెండో దానికి 45, 67, సగటు 56. ఇలా పదీ కూడితే ఈ ఊహా పటానికి 0.81 వస్తుంది. సూటి గీతకు 0.5. పూర్తిగా 1 ఎవరికీ రాదు. చరియ పడిన గడులన్నీ వరుసలో మొట్టమొదట నిలబడినా, వాటిని దాటడానికి కొంత నేల కావాలి కదా. చరియలు మొత్తం నేలలో 0.2 శాతమే ఉన్న మన ప్రాంతంలో గరిష్ఠం 0.999. కాబట్టి ఇక్కడ ఆ తేడా లెక్కలోకి రాదు. చరియలు నేలలో పదో వంతు ఆక్రమించిన చోట మాత్రం గరిష్ఠమే 0.95 దగ్గర ఆగుతుంది. అక్కడ వచ్చిన 0.81నూ ఇక్కడి 0.81నూ సమానమనుకోకూడదు.

వైశాల్యం ఒక్కటే చూసి ఊరుకోవడం కూడా తొందరపాటే. ఊళ్లను తరలించాలన్నా, కొత్త ఇళ్లకు అనుమతి ఆపాలన్నా జిల్లా యంత్రాంగం సగం కొండను ఖాళీ చేయించలేదు. వారి చేతిలో ఉండేది మొదటి 10 లేదా 20 శాతం నేల మాత్రమే. రెండు పటాలకు ఒకే 0.81 వచ్చినా, ఒకటి మొదటి 10 శాతం నేలలో 45 శాతం చరియలను పట్టి, రెండోది 30 శాతాన్నే పట్టి మధ్యలో పుంజుకుని ఉండవచ్చు. జనానికి పనికొచ్చేది మొదటిది. అందుకే రేఖ ఎడమ కొన ఎంత నిటారుగా లేచిందో ముందు చూడాలి, అంకె తరువాత.

ఇంతవరకూ చెప్పినదాంట్లో ఒక పెద్ద లోపం ఉంది. స్కోర్లు ఇచ్చింది పాత చరియలను చూసి. పరీక్షించింది కూడా ఆ చరియలతోనే. ప్రశ్నపత్రం ముందే ఇచ్చి పరీక్ష పెట్టినట్టు. కాబట్టి సక్సెస్ రేట్ చెప్పేది పటం తన దగ్గరున్న సమాచారానికి ఎంత బాగా సరిపోయిందని మాత్రమే. రేపటి చరియ ఎక్కడ పడుతుందో ఎంత బాగా చెప్పగలదన్నది అందులో లేదు. ఈ తేడాను స్పష్టంగా విడమరిచినవారు చాంగ్‌జో చుంగ్, ఆండ్రియా ఫాబ్రి. 1999లోనూ 2003లోనూ ప్రచురించిన వ్యాసాల్లో, పటం తయారీకి వాడిన చరియలతో గీసే రేఖను సక్సెస్ రేట్ అనీ, తయారీలో వాడకుండా పక్కన పెట్టిన చరియలతో గీసే రేఖను ప్రిడిక్షన్ రేట్ అనీ వారు వేరుచేశారు. ఈ రెండు పేర్లనూ కలగలిపి రాసే నివేదికలు ఇప్పటికీ కనబడతాయి. అలా రాసినచోట అంకెను నమ్మడానికి ముందు, పరీక్షకు ఏ చరియలు వాడారని అడగాలి.

పక్కన పెట్టడంలోనూ తేడాలున్నాయి. చరియ గడులన్నిటినీ కుప్పగా పోసి, చేతికొచ్చిన 70 శాతం తయారీకీ 30 శాతం పరీక్షకూ పంచితే పని అయినట్టే కనబడుతుంది. కానీ ఒక పెద్ద చరియలో 90 గడులుంటే వాటిలో 60కి పైగా తయారీలోకీ, మిగిలినవి పరీక్షలోకీ పోతాయి. అవి ఒకే వాలు మీద, ఒకే రాతి మీద, పక్కపక్కనే ఉన్న గడులు. పటం వాటిని ముందే చూసేసినట్టే. కనీసం చరియకు చరియగా విడదీయాలి, గడికి గడిగా కాదు. అంతకంటే మేలైనది కాలాన్ని బట్టి విడదీయడం. 2018 చరియలతో స్కోర్లు వేసి, 2019లోనూ ఆ తరువాతా పడిన చరియలతో పరీక్షించడం అసలు వాడకానికి దగ్గరగా ఉంటుంది. పటం చేసేనాటికి తరువాతి చరియల సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి.

మన ఊహా ప్రాంతంలో మరుసటి ఏడాది పడిన చరియలతో రేఖ మళ్లీ గీస్తే మొదటి 10 శాతం నేలలో 31 శాతం చరియలు, 20లో 50, 30లో 64, 40లో 75, 50లో 83 వచ్చాయనుకుందాం. మిగతా నేలకు 89, 94, 97, 99, 100. వైశాల్యం 0.73కు దిగింది. 0.81 నుంచి 0.73కు తగ్గడం అసహజం కాదు. కొత్త వాన వేరే చోట కురుస్తుంది, కొత్త రోడ్డు వేరే చోట కొండను కోస్తుంది. ఈ రెండు అంకెల మధ్య దూరమే అసలు చూడాల్సింది. సక్సెస్ రేట్ 0.95 ఉండి ప్రిడిక్షన్ రేట్ 0.65కు పడిపోతే ఆ పటం నేల లక్షణాన్ని నేర్చుకోలేదు, పాత చరియలను బట్టీ పట్టింది. ఎక్కువ తరగతులు, ఎక్కువ అంశాలు, మరీ సన్నని విభజనలు పెట్టినప్పుడు ఇలా జరుగుతుంది. 2 చరియలు, 40 గడులు ఉన్న ఒక తరగతికి వచ్చే నిష్పత్తి చాలా పెద్దది. దాని వెనుక ఉన్న ఆధారం చాలా చిన్నది.

అంకె పెరిగినట్టు కనిపించే మరో సంగతి ప్రాంతం సరిహద్దులో ఉంది. దీని మీద కొంత నిలవడం అవసరం. ఎందుకంటే ఇది మోసం చేయాలనే ఉద్దేశం లేకుండానే జరిగిపోతుంది. మన 10 లక్షల కొండ గడులకు ఇంకో 10 లక్షల చదును గడులు కలిపామనుకుందాం. వరి పొలాలు, ఇసుక తీరం, పట్టణం. అక్కడ ఒక్క చరియా లేదు, వాలు లేదు కాబట్టి స్కోరూ అడుగునే ఉంటుంది. వరుసలో అవన్నీ కొండ గడుల వెనుక నిలబడతాయి. ఇప్పుడు పాత రేఖంతా గ్రాఫ్ ఎడమ సగంలోకి నొక్కుకుపోతుంది. కుడి సగంలో రేఖ 100 శాతం దగ్గర గీసినట్టు చదునుగా పోతుంది. వైశాల్యం కొత్తగా లెక్కిస్తే ఎడమ సగం నుంచి 0.81లో సగం, కుడి సగం నుంచి పూర్తి 0.5 కలిసి 0.91 వస్తుంది. కొండల గురించి పటానికి కొత్తగా తెలిసింది ఏమీ లేదు. వరి పొలంలో కొండచరియ పడదని చెప్పినందుకు అంకె 0.81 నుంచి 0.91కు పెరిగింది.

జిల్లా సరిహద్దునే పటం సరిహద్దుగా తీసుకున్నప్పుడు ఇదే జరుగుతుంది. వయనాడ్ పక్కనున్న కోజికోడ్ జిల్లా పడమటి అంచు అరేబియా సముద్రం, తూర్పు అంచు పశ్చిమ కనుమలు. తెలుగు నేల మీద ఉమ్మడి విశాఖపట్నం జిల్లా కూడా అలాంటిదే: ఒక పక్క సముద్ర తీరం, ఇంకో పక్క పాడేరు, అరకు కొండలు. అలాంటి జిల్లాకు 0.91 వచ్చిందంటే, మొత్తం కొండలే ఉన్న చోట వచ్చిన 0.81 కంటే గొప్పదని అనలేం. కనిపెట్టడం కష్టం కాదు. రేఖ కుడి వైపు పొడవాటి చదును ఉందేమో చూడాలి. ప్రాంతంలో 5 డిగ్రీల లోపు వాలున్న నేల ఎంతో అడగాలి. ఆ నేలను తీసేసి రేఖ మళ్లీ గీస్తే నిజమైన అంకె బయటపడుతుంది.

జాబితాలో లోపముంటే రేఖకు ఆ సంగతి తెలియదు. రోడ్లు మూసుకుపోయినప్పుడే చరియలను నమోదు చేసే అలవాటున్న చోట జాబితా నిండా రోడ్డు పక్క చరియలే ఉంటాయి. పటం రోడ్డు దగ్గర గడులకు పెద్ద స్కోర్లు ఇస్తుంది, అదే జాబితాతో పరీక్షిస్తే అద్భుతమైన రేఖ వస్తుంది. తయారీలోనూ పరీక్షలోనూ ఒకే వంకర ఉంది కాబట్టి వంకర కనబడదు. పక్కన పెట్టిన చరియలూ ఆ జాబితాలోవే అయితే ప్రిడిక్షన్ రేట్ కూడా దీన్ని పట్టించలేదు. ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన, అడవి లోపలి చరియలు కూడా ఉన్న వేరే జాబితాతో పరీక్షించినప్పుడే అసలు సంగతి తేలుతుంది. రోడ్డు కోతల వల్ల చరియలు పడటం నిజమే. ఆ నిజం ఎంత, నమోదు అలవాటు వల్ల వచ్చింది ఎంత అన్నది రెండో జాబితా లేకుండా విడదీయలేం.

ఇక 2024 జూలై 30 దగ్గరికి వస్తే, పరీక్షలో అన్నిటికన్నా లోతైన చిక్కు కనబడుతుంది. చరియ అంటే పటం మీద ఏ గడులు? వయనాడ్‌లో పడింది మలయాళంలో ఉరుల్‌పొట్టల్ అనే రకం. నీటితో నిండిన మట్టి, రాళ్లు, చెట్లు ఒక్కసారిగా కదిలి వాగు దారి వెంట ప్రవాహంగా దిగే చరియ అది. నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన వివరాల ప్రకారం చరియ మొదలైన చోటు సముద్ర మట్టానికి 1,550 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ విరిగిన నేల దాదాపు 86,000 చదరపు మీటర్లు. ఆ మట్టీ రాళ్లూ వాగు వెంట సుమారు 8 కిలోమీటర్లు ప్రవహించాయి. అదే చోట అంతకుముందు కూడా చరియ విరిగిన గుర్తు ఉందనీ, అది 2023 అట్లాస్‌లో నమోదై ఉందనీ ఆ సంస్థే తెలిపింది.

ఈ అంకెలను 30 మీటర్ల గడుల్లోకి మార్చి చూస్తే చిక్కు అర్థమవుతుంది. 86,000 చదరపు మీటర్లు అంటే సుమారు 95 గడులు. 8 కిలోమీటర్ల దారిని ఒక్క గడి వెడల్పుతో గీసినా 260కి పైగా గడులవుతాయి. అసలు దారి చాలాచోట్ల అంతకంటే వెడల్పు. చరియ మొత్తాన్ని ఒకే ఆకారంగా గీసి ఆ గడులన్నిటికీ చరియ పడిన గుర్తు వేస్తే, అందులో ఎక్కువ భాగం విరిగిన నేల కాదు, మట్టి వచ్చి మీద పడిన నేల. అది వాగు ఒడ్డు, తక్కువ వాలు, లోయ అడుగు. పటానికి దీన్నే నేర్పితే తక్కువ వాలున్న వాగు ఒడ్లలో చరియలు పుడతాయని నేర్చుకుంటుంది. నిటారు వాలుకు వచ్చే నిష్పత్తి తగ్గుతుంది, రేఖ ఎడమ కొన మందగిస్తుంది. చరియలు పొడవాటి ప్రవాహాలుగా దిగే ప్రాంతంలో రేఖ మధ్యలో అనుకోని గూని కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

అందుకే జాగ్రత్తగా పనిచేసేవారు ప్రతి చరియనూ మూడు భాగాలుగా గీస్తారు: విరిగిన తల, సాగిన దారి, కుప్ప పడిన చోటు. ముప్పు పటానికి తల గడులు మాత్రమే వాడతారు. పెద్ద చరియ ఒక్కటే లెక్కనంతా తన వైపు లాగకుండా, ఒక్కో చరియకు తలలో ఒకే బిందువు తీసుకునే వాడుక కూడా ఉంది. మన ఊహా ప్రాంతంలో 2,000 చరియ గడులుంటే 95 గడుల తల ఒక్కటే అందులో దాదాపు 5 శాతం. అలాంటి ఒక్క చరియ పటంలో సరైన చోట పడిందా లేదా అన్నదాన్ని బట్టి రేఖ పైకో కిందికో కదులుతుంది. గడుల లెక్కతో ఒక రేఖ, చరియల లెక్కతో ఇంకో రేఖ గీసి రెండూ చూపడం మంచి పద్ధతి. రెండూ దగ్గరగా ఉంటే పటం చిన్న చరియలనూ పెద్ద చరియలనూ ఒకేలా గుర్తిస్తోంది. దూరంగా ఉంటే ఏదో ఒక పరిమాణాన్ని వదిలేస్తోంది.

తల గడులతో చేసిన పరీక్షలో ఒక పటం ఎంత మంచి రేఖ తెచ్చుకున్నా, ఆ రేఖ జవాబు చెప్పేది ఒకే ప్రశ్నకు: నేల ఎక్కడ విరగడం మొదలవుతుంది? చూరల్‌మలలో ఇళ్లు ఉన్న నేల విరగలేదు. కిలోమీటర్ల ఎగువన విరిగిన నేల వాగు వెంట దిగి వారి మీద పడింది. లోయ అడుగున ఉన్న అలాంటి ఊరికి ముప్పు పటంలో తక్కువ స్కోరు రావడం పటం తప్పు కాదు. అది ఆ ప్రశ్నకు సరైన జవాబే కావచ్చు. అలాంటి పటాన్ని పట్టుకుని ఊరు భద్రమని చెప్పడం మాత్రం తప్పు, సక్సెస్ రేట్ 0.81 అయినా 0.95 అయినా. ఎగువన విరిగిన మట్టి ఏ వాగు పట్టుకుని ఎంత దూరం, ఎంత వెడల్పున వస్తుందో చూపడానికి వేరే పటం కావాలి. దాన్ని పాత చరియల దారులతో, కుప్పలతో విడిగా పరీక్షించాలి. వాగు ఒడ్డున, కొండ నీడలో ఉన్న ఏ ఊరికైనా ఆ రెండో పటం చూపించకుండా మొదటి పటంలోని పచ్చ రంగును హామీగా చెప్పకూడదు.